వానలు మొదలైతే నేను వేరే మనిషినైపోతున్నాను

ప్రశ్న: నా వయసు 34. ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను. మూడేళ్లుగా వానలు మొదలైన రెండు మూడు వారాలకల్లా వేరే మనిషినైపోతున్నాను. రాత్రి ఒంటిగంటకు పడుకుని తొమ్మిదింటికి లేస్తాను, సెలవు రోజుల్లో అయితే పదకొండు. మధ్యాహ్నం మళ్లీ రెండు గంటలు పడుకుంటాను. అయినా ఒళ్లంతా బరువే. ఎప్పుడూ తీపి తినాలనిపిస్తుంది. నా బల్ల గోడ వైపు ఉంటుంది, జల్లు కొడుతుందని కిటికీ మూసి కర్టెన్ వేసేస్తాం. స్నేహితురాలితో రోజూ సాయంత్రం నడిచేదాన్ని, అదీ ఆగిపోయింది. ఇప్పుడు ఆమె ఫోన్ చేసినా ఎత్తబుద్ధి కాదు. మళ్లీ ఎండలు రాగానే మామూలైపోతాను. కిందటేడు ఇవే రోజుల్లో ఆఫీసు వాళ్లు ఐదు రోజుల ట్రైనింగ్‌కు పిలిచారు. అక్కడా వానే. ఉదయం ఎనిమిదికల్లా గొడుగు వేసుకుని బస నుంచి హాలుకు నడిచేవాళ్లం. ఆ వారం మాత్రం బాగానే ఉన్నాను. ఇంటికొచ్చాక మళ్లీ మొదలు. మావారు ఇది బద్ధకం అంటారు, ఐదింటికి లేస్తే అంతా సర్దుకుంటుందంటారు. మా చెల్లి దీనికోసం ప్రత్యేకమైన దీపం ఉంటుంది, కొనుక్కో అంటోంది. నాది బద్ధకమా, జబ్బా? దీపం కొననా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ ట్రైనింగ్ వారమే. మీరు దాన్ని మాటవరసకు రాసినట్టున్నారు, నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతాను. బద్ధకస్తురాలైతే ట్రైనింగ్‌లోనూ బద్ధకంగానే ఉండేవారు. వానే అసలు కారణమైతే అక్కడా వాన కురిసింది. మారినవి మూడే. ఒక వేళకు లేచారు, లేవగానే ఆరుబయట నడిచారు, రోజంతా మనుషుల మధ్య ఉన్నారు. ఈ మూడింటిలో ఏది ఎంత పని చేసిందో తెలుసుకుంటే మీ ఇంట్లో ఏం మార్చాలో తేలిపోతుంది.

ముందు జబ్బు సంగతి. ఏటా ఒకే కాలంలో కుంగుబాటు వచ్చి, ఆ కాలం పోగానే తగ్గిపోయే తీరును సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ పేరుతో 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు వివరించారు. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర, ఆకలి తగ్గుతాయి. ఇందులో తరచుగా దానికి తలకిందులుగా ఉంటుంది. నిద్ర ఎక్కువ, తీపి, పిండి పదార్థాల మీద యావ, కాళ్లూ చేతులూ సీసం పోసినట్టు బరువు. మీరు రాసినవి దీనికి దగ్గరగానే ఉన్నాయి. కానీ ఉత్తరం చూసి పేరు పెట్టేయడం సరి కాదు, అది డాక్టరు మీతో మాట్లాడి తేల్చాల్సిన విషయం. పైగా ఈ పరిశోధన ఎక్కువగా చలికాలంలో పగలు బాగా కుంచించుకుపోయే దేశాల్లో జరిగింది. వానాకాలంలో పగటి గంటలు అంతగా తగ్గవు. సూర్యుడు మబ్బు చాటుకు వెళ్తాడు, మనం ఇంటి చాటుకు వెళ్తాం. మనసును ఎక్కువ దెబ్బతీసేది చాలాసార్లు రెండోదే అని నా అభిప్రాయం. మీ విషయంలో అయితే దాదాపు ఖాయం.

ఎందుకో చెప్పాలంటే వెలుగు లెక్క ఒకటి చూడాలి. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. లైట్లు వేసిన మామూలు గదిలో కంటి దగ్గర 100 నుంచి 300 లక్స్ ఉంటే గొప్ప. మబ్బు పట్టిన పగలు ఆరుబయట కొన్ని వేల లక్స్ ఉంటుంది, మబ్బు పలచగా ఉంటే 10,000 దాకా పోతుంది. కుండపోతగా కురిసే నల్లమబ్బు వేళ బాగా పడిపోతుంది, నిజమే. కానీ అలాంటి సమయం రోజంతా ఉండదు. కాబట్టి మీకు 'దిగులుగా, చీకటిగా' అనిపించే ఆకాశం కింద కూడా మీ గదికి పది, ఇరవై రెట్ల వెలుగు ఉంటుంది. ఈ తేడా మనకు తెలియదు. ఎందుకంటే కన్ను గది వెలుగుకు సర్దుకుపోయి, అంతా బాగానే ఉందని నమ్మిస్తుంది. నమ్మకం కలగకపోతే ఫోన్‌లో వెలుగు కొలిచే యాప్ ఒకటి వేసుకోండి. అవి కచ్చితంగా చెప్పవు గానీ తేడా చూడటానికి చాలు. బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌ను కంటి పక్కన, మీరు చూసే వైపుకే తిప్పి పట్టుకోండి. తర్వాత కర్టెన్ తీసిన కిటికీకి మూరెడు దూరంలో, ఆ తర్వాత గుమ్మం బయట చూడండి. కిటికీ నుంచి రెండు మూడు అడుగులు వెనక్కి వేస్తేనే అంకె ఎలా జారిపోతుందో కళ్లారా చూస్తారు. మీవారికి చూపించడానికీ పనికొస్తుంది.

ఈ వెలుగు చూపుకే పరిమితం కాదు. కంటి వెనకపొరలో బొమ్మను పట్టడంతో సంబంధం లేకుండా, ఎంత వెలుగుందో మెదడుకు చెప్పే కణాలు కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా నీలి వెలుగుకు స్పందించే ఈ కణాల నుంచి కబురు మెదడులోని జీవ గడియారానికి వెళ్తుంది. ఉదయం గట్టి వెలుగు తగిలితే గడియారం కాస్త ముందుకు జరుగుతుంది, రాత్రి వేళకే నిద్ర వస్తుంది. రాత్రి పొద్దుపోయాక తగిలితే వెనక్కి జరుగుతుంది. మీకు ఉదయం వెలుగు లేదు, రాత్రి ఒంటిగంట దాకా లైట్లూ తెరలూ ఉన్నాయి. అంటే గడియారం రెండు వైపుల నుంచీ వెనక్కే లాగబడుతోంది. దానికి తోడు సెలవు రోజుల్లో పదకొండింటికి లేస్తున్నారు. శనాదివారాలు రెండు గంటలు ఆలస్యంగా లేవడమంటే, ప్రతి వారాంతమూ రెండు గంటలు తేడా ఉన్న దేశానికి వెళ్లి సోమవారం తిరిగి వచ్చినట్టే. సోమ, మంగళవారాలు మీకు మరీ బరువుగా ఉంటున్నాయా? ఒకసారి గమనించుకోండి.

ఇప్పుడు ఐదింటికి లేవమన్న సలహా. మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ మీ విషయంలో తిరగబడే సలహా అది. శరీరపు వేడి ఇరవై నాలుగు గంటల్లో అట్టడుగుకు పడే వేళ ఒకటుంది. అది సాధారణంగా మనం అలవాటుగా మేలుకునే వేళకు రెండు మూడు గంటల ముందు వస్తుంది. వెలుగు దాని తర్వాత తగిలితే గడియారం ముందుకు, దానికి ముందే తగిలితే వెనక్కి వెళ్తుంది. తొమ్మిదింటికి లేచే మీకు ఆ వేళ ఆరు, ఏడు మధ్య ఉండవచ్చు. ఐదింటికి అలారం పెట్టుకుని లేచి లైట్లన్నీ వేసుకుంటే మీ గడియారానికి అది ఇంకా రాత్రే. నాలుగు రోజులు తంటాలు పడతారు, పగలంతా తూగుతారు, ఐదో రోజు మానేస్తారు. ఇంట్లో 'చెప్పానా' అనే మాట ఒకటి మిగులుతుంది.

దానికి బదులు మెల్లగా జరపండి. మొదటి మూడు రోజులు ఎనిమిది నలభైకి లేవండి. తర్వాతి మూడు రోజులు ఎనిమిది ఇరవైకి, అలా మూడేసి రోజులకు ఇరవై నిమిషాల చొప్పున ఏడున్నర దాకా. రెండు వారాల పైచిలుకు పడుతుంది. సెలవు రోజున అరగంటకు మించి తేడా వద్దు. రాత్రి తొందరగా పడుకోవాలని మాత్రం మొదట్లో ప్రయత్నించకండి. నిద్ర రాకుండా మంచం మీద దొర్లితే టెన్షన్ పెరగడమే తప్ప లాభం లేదు. లేచే వేళ కదిలితే కొద్ది రోజులకు పడుకునే వేళ దానంతటదే వెనకాలే వస్తుంది. మధ్యాహ్నపు నిద్ర పూర్తిగా మానలేకపోతే మూడింటిలోపు ఇరవై నిమిషాలకు కుదించండి. రెండు గంటల నిద్ర రాత్రి నిద్రలోంచి తీసుకున్న అప్పే. పడుకోవడానికి గంట ముందు పెద్ద లైట్లు ఆర్పి చిన్నది ఒకటి ఉంచుకుంటే మేలు.

లేచాక ఏం చేయాలి అన్నదే అసలు విషయం. మీ ముందు రెండు దారులున్నాయి.

మొదటిది పైసా ఖర్చు లేనిది. లేచిన గంటలోపు అరగంట నుంచి ముప్పావుగంట ఆరుబయట. నడిస్తే మంచిది, నడవలేని రోజు కప్పు ఉన్న వరండాలోనో మెట్ల దగ్గరో ఆకాశం కనిపించే వైపు కూర్చోండి. గొడుగు పట్టుకున్నా వెలుగు నలువైపుల నుంచీ వస్తుంది, కాస్త తగ్గినా గదికన్నా ఎన్నో రెట్లు నయం. చలువ కళ్లద్దాలు మాత్రం వద్దు. ఇంట్లో బల్లను కిటికీ పక్కకు జరపండి, కిటికీ మీ కుడి చేతి వైపో ఎడమ చేతి వైపో ఉండేలా. ఎదురుగా పెడితే స్క్రీన్ చూడటం కష్టం, వెనక పెడితే స్క్రీన్‌లో మెరుపు. జల్లు పడుతుందంటే అద్దం తలుపు మూసుకోండి, కర్టెన్ తీసేయండి. అద్దం వెనక కూర్చుంటే లాభం లేదని కొందరంటారు, అది విటమిన్ డి సంగతి. దానికి కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది, అవి పనిచేసేది చర్మం మీద. గడియారాన్ని దిద్దే వెలుగు కంటి ద్వారా పోతుంది, అద్దంలోంచి హాయిగా వస్తుంది. అందుకే విటమిన్ డి మాత్ర ఈ వెలుగుకు బదులు కాదు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే అది వాతావరణం మీదా, మీ కాళ్ల మీదా ఆధారపడుతుంది. మరీ నల్లగా కమ్మిన ఉదయాల్లో కావలసినంత వెలుగు దొరకదు. ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

రెండోది మీ చెల్లి చెప్పిన దీపం. దాన్ని లైట్ థెరపీ లైట్ అంటారు. మామూలు దీపాల కన్నా పెద్ద పలకలా ఉంటుంది. ఎక్కువగా వాడే కొలత 10,000 లక్స్, ఉదయం లేచిన గంటలోపు అరగంట. కొనేటప్పుడు 10,000 అన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఆ వెలుగు ఎంత దూరంలో వస్తుందో కూడా పెట్టె మీద రాసి ఉండాలి. చిన్న దీపాలకు చాలాసార్లు అది మొహం ముందు జానెడు దూరంలోనే వస్తుంది, అరగంట అలా ఎవరు కూర్చుంటారు? దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. చేయి చాపినంత దూరంలో ఆ వెలుగు ఇచ్చే పెద్ద పలక కావాలి. అతినీలలోహిత కిరణాలను వడకట్టినదై ఉండాలి. చర్మం రంగు మార్చడానికి వాడే దీపాలు వేరు, వాటి జోలికి పోవద్దు. కంటికి కాస్త పైన, కాస్త పక్కగా పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి. దీపాన్ని తేరిపార చూడక్కర్లేదు, కళ్లు మూసుకుని కునికితే మాత్రం ఫలితం ఉండదు.

దీపం పనిచేస్తే సాధారణంగా వారం, రెండు వారాల్లో తెలుస్తుంది. మానేస్తే కొద్ది రోజుల్లోనే బరువు తిరిగి రావచ్చు కాబట్టి ఆ కాలమంతా వాడాల్సిందే, అది చాలామందికి విసుగు. మొదట్లో తలనొప్పి, కళ్లు లాగడం ఉంటే దూరం పెంచడమో, సమయం తగ్గించి మెల్లగా పెంచడమో చేయాలి. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. కొనేముందు రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. కంటి వెనకపొర జబ్బు గానీ, వెలుగుకు చర్మం, కళ్లు మండించే మందులు గానీ ఉన్నాయా? ఎప్పుడైనా కొన్ని రోజులపాటు మూడు నాలుగు గంటలే నిద్రపోయి కూడా అలసట తెలియక, ఆగకుండా మాట్లాడి, అవసరం లేనివి తెగ కొని, ఇంట్లోవాళ్లు 'ఏమైంది నీకు' అన్న సందర్భం ఉందా? రెండోది ఉంటే, మనసు కుంగుబాటుకూ అతి ఉత్సాహానికీ మధ్య ఊగే బైపోలార్ జబ్బు అవకాశం చూడాలి. అలాంటివారిని గట్టి వెలుగు ఆ అతి ఉత్సాహం వైపుకు ఎగదోయవచ్చు. ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరును అడగకుండా దీపం వద్దు. రెండింటికీ కాదంటే, మొదటి దారిని మూడు వారాలు నడిచి చూసి కొనడమా, ఇప్పుడే కొనడమా అన్నది మీ ఇష్టం. మీ స్థానంలో నేనుంటే ముందు బల్ల జరుపుతాను.

ట్రైనింగ్ వారంలో మూడోది మనుషులు. ఇక్కడ వెలుగు లెక్కలు పనికిరావు. ఒక చిన్న పని చేయండి. వారం పాటు నోట్‌బుక్‌లో రెండు గంటలకోసారి ఏం చేశారో రెండు మాటల్లో రాసి, పక్కన మనసుకు సున్నా నుంచి పది మధ్య ఒక మార్కు వేయండి. 'పడుకున్నాను 3, ఫోన్ చూశాను 3, చెల్లితో మాట్లాడాను 5', అంతే, వ్యాసాలు వద్దు. వారం చివర చూస్తే రెండు విషయాలు కనిపించవచ్చు. విశ్రాంతి అనుకుని చేసిన పనుల పక్కన మార్కు పెరగకపోవడం, చేయబుద్ధి కాకపోయినా చేసిన పనుల పక్కన ఒకటో రెండో పెరగడం. కుంగుబాటులో ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని కూర్చుంటే అది రాదు. పని ముందు, ఉత్సాహం వెనక. మానసిక వైద్యంలో దీన్నే పద్ధతి ప్రకారం చేయిస్తారు.

మీకైతే చేయాల్సింది కళ్లముందే ఉంది. స్నేహితురాలితో సాయంత్రపు నడకను ఉదయానికి మార్చుకోండి. మీరు లేచే వేళ ఏడున్నరకు చేరేదాకా లేచిన అరగంటకు, ఆ తర్వాత ఎనిమిదికి. వెలుగు, వేళ, మనిషి, మూడూ ఒక్క పనిలోనే వచ్చేస్తాయి. ఆమెకు ఏదో సంజాయిషీ చెప్పాలని మొహమాటపడుతున్నారేమో, ఒక మెసేజ్ చాలు. 'వానల్లో నాకు మనసు బాగుండటం లేదు, అందుకే ఫోన్ ఎత్తలేదు. పొద్దున్న నడుద్దామా? మొదట కొన్నాళ్లు తొమ్మిదింపావుకు, తర్వాత ఎనిమిదికి. వాన పడితే మీ మెట్ల కింద నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుందాం.' ఆ చివరి మాట ముఖ్యం. 'వాన పడకపోతే వెళ్దాం' అని పెట్టుకున్న ప్రతి కార్యక్రమమూ ఈ నెలల్లో రద్దవుతుంది. వాన పడితే కుదించుకోవాలి, రద్దు చేసుకోకూడదు. బయటికి వెళ్లాక పది నిమిషాలకు తిరిగి వచ్చేయాలనిపిస్తే వచ్చేయండి, అదీ లెక్కే. ఆమెకు ఉదయం కుదరకపోతే మీరు ఒక్కరే ఉదయం నడిచి, ఆమెను సాయంత్రం కలవండి. ఒకటి కుదరలేదని రెండూ వదిలేయకండి.

తీపి సంగతి ఇప్పుడు పట్టించుకోకండి. నిద్ర, వెలుగు సర్దుకుంటే అదీ దానంతటదే తగ్గవచ్చు. ఒకేసారి తిండి మీద కూడా యుద్ధం ప్రకటిస్తే అన్నీ ఓడిపోతారు.

మీవారితో 'జబ్బా, బద్ధకమా' అని వాదించడం వల్ల ఉపయోగం లేదు. ఆయనకు ఒక పని అప్పజెప్పండి. 'ఐదింటికి లేవలేను, ఈ మూడు రోజులు ఎనిమిది నలభైకి కర్టెన్ తీసి నన్ను గుమ్మం దాకా తీసుకెళ్లండి' అనండి. సలహా ఇచ్చేవాళ్లకు చేసేందుకు ఏదైనా ఉంటే సలహాలు తగ్గుతాయి.

డాక్టరు విషయం వాయిదా వేయొద్దు. ఇది మూడో ఏడు కాబట్టి ఒకసారి చూపించుకోవడం ఎలాగూ మంచిదే. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, బీ12 తగ్గినా ఇలాగే ఒళ్లు బరువు, మత్తు ఉంటాయి. మామూలు రక్తపరీక్షల్లో అవి తేలిపోతాయి. అయితే అవి ఎండలు రాగానే పోవు, ఐదు రోజుల ట్రైనింగ్‌కు మెరుగవవు, అందుకే మీ విషయంలో నాకు ఆ అనుమానం తక్కువ. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, పనిలో తప్పులు, స్నానం, వంట లాంటివి కూడా కొండలా అనిపించడం ఉంటే పై ప్రయత్నాల ఫలితం కోసం ఎదురుచూడకుండా మానసిక వైద్యులను కలవండి. మందులు, కౌన్సెలింగ్ రెండూ దీనికి పనిచేస్తాయి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆరోజే ఇంట్లో ఒకరికి చెప్పి, డాక్టరుకో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి.

కౌన్సెలింగ్ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే దీపం కొనడానికి ముందు తూచుకోవాల్సిన విషయం ఇది. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్‌ను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. ఈ కాలపు కుంగుబాటు కోసమే మలచిన ఆ థెరపీని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెల్లీ రోహన్ బృందం లైట్ థెరపీతో పోల్చి చూసింది. ఆ కాలంలో రెండూ ఒకే తీరుగా పనిచేశాయి. తర్వాత రెండో చలికాలానికి చూస్తే కౌన్సెలింగ్ తీసుకున్నవారిలో మళ్లీ కుంగుబాటు తక్కువమందికి వచ్చింది. దీపం ఏటా తీసి వాడాలి, నేర్చుకున్న అలవాటు మిగిలిపోతుంది, ఆ తేడాకు కారణం అదే కావచ్చు. మీరు ఏ దారి ఎంచుకున్నా వచ్చే ఏడాది బరువు మొదలయ్యాక ఆరంభించకండి. మీకు వానలు పడ్డ రెండు మూడు వారాలకు మొదలవుతోంది కాబట్టి, తొలి వాన పడ్డ రోజునే బల్ల కిటికీ పక్కకు చేర్చి, ఉదయపు నడక వేళ స్నేహితురాలితో ఖాయం చేసుకోండి. ఈ ఏడాది మార్కుల నోట్‌బుక్ పారేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్లినా, మళ్లీ నాకు రాసినా అది కావాల్సి వస్తుంది.